రష్యన్‌లో టైమూ తేదీలూ చెప్పడం: ఇంగ్లీషు టైమ్‌టేబుల్ అనువదిస్తున్నా, విభక్తుల దగ్గర ఇరుక్కున్నా

పెన్నా_స్వాతి

అందరికీ నమస్తే. పుట్టపర్తిలో ఒక లాడ్జి వాళ్లు చిన్న పని ఇచ్చారు. వాళ్ల దగ్గరికి రష్యన్ మాట్లాడే భక్తులు ఎక్కువగా వస్తుంటారు. వ్యాను వేళలు, ఆఫీసు వేళలు ఇంగ్లీషులో బోర్డు మీద ఉన్నాయి. వాటిని రష్యన్‌లో అచ్చు వేయించడం వరకు నాకు కష్టం లేదు, ఎందుకంటే అక్కడ అంకెలు అంకెల్లాగే ఉంటాయి. చిక్కంతా రెండో పనితో వచ్చింది. రిసెప్షన్‌లో ఉండే అబ్బాయిలు ఆ వేళల్ని నోటితో చెప్పాలట. వాళ్లకి రష్యన్ లిపి రాదు కాబట్టి తెలుగు అక్షరాల్లో రాసిమ్మన్నారు. అంటే ప్రతి అంకెనీ మాటగా విప్పాలి. విప్పగానే ఏ విభక్తి పెట్టాలన్న ప్రశ్న వస్తోంది.

ఇంగ్లీషు బోర్డు మీద ఉన్నది ఇదీ:

విమానాశ్రయానికి వ్యాను: రోజూ 8:15 ఏ.ఎం., సోమవారం తప్ప.
తిరుగు వ్యాను: 5:45 పి.ఎం.
ఆఫీసు: 9 నుంచి 1, మళ్లీ 2 నుంచి 5:40.
రైలు: 9:21 పి.ఎం.
రాత్రి వ్యాను: శనివారం 12:10 ఏ.ఎం.
ఈ వేళలు డిసెంబర్ 21 నుంచి 2026 జనవరి 2 వరకు.
సీటు కావాలంటే ముందు రోజు 5 పి.ఎం. లోపు చెప్పాలి.

తిరుగు వ్యానుకి నేను రాసింది: "వ్ బెజ్ చేత్వెర్తి షెస్త్". ఎక్కడో తేడా కొడుతోంది. ఎవరైనా చూడగలరా?

కజాన్_క్రాంతి

అక్కా, నేను ఇక్కడ మెడిసిన్ నాలుగో సంవత్సరం. అంత టెన్షన్ అక్కర్లేదు. పలవీనా, చేత్వెర్త్ లాంటివి పుస్తకాల్లో చదివాం కానీ మా హాస్టల్లో అందరూ గడియారంలో ఉన్నది ఉన్నట్టు చదివేస్తారు. 8:15 అంటే "వ్ వోసెమ్ ప్యత్నాత్సత్". 5:45 అంటే "వ్ ప్యాత్ సోరక్ ప్యాత్". ముందు "వ్" పెడితే చాలు, ఎండింగ్స్ ఏమీ మారవు. గంట అనే మాటకి మాత్రం రూల్ ఉంది: 2, 3, 4 తర్వాత "చసా", మిగతా అన్నిటికీ "చసోవ్". ద్వాత్సత్ అదీన్ చసోవ్, అలా. మీ అబ్బాయిలకి ఇది నేర్పిస్తే సరిపోతుంది.

ఉక్కునగరం_శేషు

స్వాతమ్మా, 80ల్లో విశాఖలో స్టీల్ ప్లాంటు కడుతున్నప్పుడు సోవియట్ నిపుణుల దగ్గర దుబాసీగా పనిచేశాను. షిఫ్టు వేళలు చెప్పడమే రోజంతా పని. కాబట్టి ఈ విషయంలో కాస్త మాట్లాడగలను.

ముందు క్రాంతి బాబు చెప్పినదాంట్లో నిజమెంతో చూద్దాం. "వ్ వోసెమ్ ప్యత్నాత్సత్" నూటికి నూరు పాళ్లు సరైనదే, రష్యన్లు రోజూ అలాగే అంటారు. అక్కడ ఎండింగ్ మారలేదని అతనికి అనిపించడానికి ఒక కారణం ఉంది. ఫలానా గంటకి అని చెప్పేటప్పుడు "వ్" తర్వాత ద్వితీయా విభక్తి వస్తుంది. అంకెల్లో ద్వితీయ, ప్రథమలాగే కనిపిస్తుంది. అంటే విభక్తి ఉంది, బయటికి కనబడదు. ఒక్క చోట మాత్రం బయటపడుతుంది. మీ రైలు 9:21 ఉంది చూడండి, అక్కడ. నిమిషం అనే మాట స్త్రీలింగం. అందుకని "అద్నా మినూతా" కాస్తా "అద్నూ మినూతు" అవుతుంది. స్టేషన్ మైకులో వినిపించే పద్ధతిలో చెబితే: "వ్ ద్వాత్సత్ అదీన్ చాస్ ద్వాత్సత్ అద్నూ మినూతు".

అక్కడ "చాస్" అన్నాను, "చసోవ్" అనలేదు. క్రాంతి రూల్ సగమే. చివరి మాట "అదీన్" అయితే చాస్. 21కీ అంతే, ఒంటిగంటకీ అంతే. 22, 23, 24కి చసా. 11 నుంచి 14 వరకు మాత్రం చివరి అంకె చూడకూడదు, అన్నిటికీ చసోవ్.

ఇక మీ "వ్ బెజ్ చేత్వెర్తి షెస్త్". ఇంగ్లీషు వాక్యంలో ఉన్న "ఎట్" మిమ్మల్ని తప్పుదోవ పట్టించింది. "బెజ్" ఉన్నచోట "వ్" పెట్టరు. "బెజ్ చేత్వెర్తి షెస్త్" అంటే ఎంతయిందో చెప్పినట్టూ అవుతుంది, ఎన్నింటికో చెప్పినట్టూ అవుతుంది.

చంద్రయ్య_సార్

నాకు రష్యన్ రాదు. కానీ "బెజ్ చేత్వెర్తి షెస్త్" అంటే పావు లేకుండా ఆరు అనేగా? మనం "పావు తక్కువ ఆరు" అంటాం. "పావు తక్కువ ఆరింటికి రా" అన్నప్పుడు మనం విభక్తిని ఆరుకే తగిలిస్తాం, పావుకి కాదు. వాళ్లు పావుకి తగిలించి ఆరుని వదిలేస్తున్నట్టున్నారు.

ఉక్కునగరం_శేషు

సరిగ్గా పట్టుకున్నారు మాస్టారూ. "బెజ్" అన్న మాట దాని పక్కనున్న దాన్నే మారుస్తుంది. చేత్వెర్త్ కాస్తా చేత్వెర్తి, దేస్యాత్ కాస్తా దెస్యతీ. వెనకున్న గంట చెక్కుచెదరదు. పది తక్కువ ఆరు: "బెజ్ దెస్యతీ షెస్త్". కొంతమంది చేత్వెర్తి బదులు "బెజ్ ప్యత్నాత్సతి షెస్త్" అని పదిహేను నిమిషాల లెక్కలో కూడా చెబుతారు. రెండూ ఒకటే.

పోలిక అక్కడితో ఆపాలి. అరగంట దగ్గర మన లెక్క, వాళ్ల లెక్క విడిపోతాయి. మనం అయిదున్నర అంటాం, అయిదు దాటి సగం అని. వాళ్లు "పలవీనా షెస్తోవ" అంటారు, ఆరో గంటలో సగం అని. పన్నెండు నుంచి ఒంటిగంట వరకు నడిచేది మొదటి గంట. అలా లెక్కపెట్టుకుంటూ వెళ్తే అయిదు నుంచి ఆరు వరకు నడిచేది ఆరో గంట. 5:10 అంటే ఆరో గంటలో పది నిమిషాలు, "దేస్యాత్ మినూత్ షెస్తోవ". 8:15 అంటే తొమ్మిదో గంటలో పావు, "చేత్వెర్త్ దెవ్యాతవ".

దీన్ని తప్పుగా చెబితే ఎలా తెలుస్తుందంటే, గెస్టు సరిగ్గా గంట ముందే వచ్చి కూర్చుంటారు. అయిదున్నర అనబోయి "పలవీనా ప్యాతవ" అంటే వాళ్లకి వినిపించేది నాలుగున్నర. నయం ఏమిటంటే ఈ తప్పు వల్ల వ్యాను మిస్సవ్వరు, తిట్టుకుంటారంతే. వాళ్లు "పలవీనా ప్యాతవ" అన్నప్పుడు మన అబ్బాయి అయిదున్నర అనుకుంటేనే అసలు ప్రమాదం.

కజాన్_క్రాంతి

సార్, 21 చాస్ విషయం ఒప్పుకుంటా. కానీ షెస్తోవలో "వ" ఎక్కడిది? రాసేటప్పుడు "గ" కదా?

ఉక్కునగరం_శేషు

రాసేది గ, పలికేది వ. ఈ షష్ఠీ ఎండింగ్ అంతటా అంతే. స్వాతమ్మా, మీరు స్పెల్లింగ్ చూసి తెలుగులోకి దించుతున్నారేమో, అబ్బాయిలు "షెస్తోగో" అని చదివితే గెస్టులు నవ్వుకుంటారు. చెవికి వినిపించినట్టు రాయండి: పేర్వవ, ప్యాతవ, షెస్తోవ, దెవ్యాతవ.

నల్లగొండ_వెంకట్

మీరు టైమ్ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా. మా తమ్ముడు నొవొసిబిర్స్క్ వెళ్లే రైలు టికెట్ తీశాడు. అందులో ఉన్న టైమ్ మాస్కోదా, లోకల్‌దా? ఎవరో మాస్కో టైమే ఉంటుంది, నాలుగు గంటలు కలుపుకోవాలి అన్నారు. ఇక్కడ ఎవరికైనా తెలుసా?

మాధురి_నెవా

వెంకట్ గారూ, అది పాత ముచ్చట. 2018 ఆగస్టు 1 నుంచి రష్యన్ రైల్వే టికెట్ల మీద, టైమ్‌టేబుల్స్‌లో లోకల్ టైమే వేస్తున్నారు. అంతకుముందు దేశమంతా మాస్కో టైమే ఉండేది, అది విన్నవాళ్లు ఇంకా అలాగే చెబుతుంటారు. ఏ స్టేషన్ పేరు పక్కన టైమ్ ఉందో, అది ఆ ఊరి టైమే. ఏమీ కలపక్కర్లేదు.

ఇక స్వాతి గారి పని. నేను పీటర్స్‌బర్గ్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నా. శేషు గారు చెప్పినవన్నీ కరెక్టే. అయితే నోటి మాటలో "పలవీనా షెస్తోవ" కన్నా "పోల్‌షెస్తోవ" ఎక్కువ వినిపిస్తుంది. దీంట్లో ఇంకో సుఖం ఉంది. ఫలానా టైమ్‌కి అనాల్సి వస్తే పూర్తి మాట "వ్ పలవీనె షెస్తోవ" అని మారుతుంది, అక్కడ సప్తమి వస్తుంది. పొట్టి మాట అయితే "వ్ పోల్‌షెస్తోవ", ఏమీ మారదు.

9:21 రైలు గురించి ఒక మాట. "ద్వాత్సత్ అద్నూ మినూతు" మైకులో బాగుంటుంది కానీ రిసెప్షన్‌లో ఎవరూ అలా అనరు. నేనైతే "వ్ ద్వాత్సత్ మినూత్ దెస్యాతవ" అంటాను, పదో గంటలో ఇరవై నిమిషాలకి అని. ఒక నిమిషం ముందు చెప్పినట్టే కదా, రైలు తప్పదు.

ఉక్కునగరం_శేషు

నాకు అది నచ్చలేదమ్మా. బోర్డు మీద 21 అని ఉండి, అబ్బాయి నోట 20 వస్తే గెస్టు మళ్లీ అడుగుతాడు. అడిగితే వివరించేంత రష్యన్ ఆ అబ్బాయి దగ్గర ఉండదు.

పెన్నా_స్వాతి

ఇద్దరికీ థ్యాంక్స్. రైలుది మాత్రం బోర్డు ప్రకారమే ఉంచుతా. ఇప్పుడు ఆఫీసు వేళల లైను. 9 నుంచి 1, 2 నుంచి 5:40. "నుంచి"కి "స్", "వరకు"కి "దొ", రెండిటికీ షష్ఠి అని తెలుసు. "స్ దెవ్యతీ దొ అద్నవో, స్ ద్వూఖ్ దొ బెజ్ ద్వత్సతీ షెస్త్" అని రాశాను. ఒంటిగంట దగ్గరా, చివరా నాకే నమ్మకం కుదరడం లేదు.

మాధురి_నెవా

ఒంటిగంటని అంకెతో చెప్పరు. గడియారంలో 1 అంటే ఊరికే "చాస్". "వ్ చాస్ ద్న్యా" అంటే మధ్యాహ్నం ఒంటిగంటకి. కాబట్టి "దొ చాసు". చివరిది కూడా మార్చండి. "దొ" తర్వాత "బెజ్" పెడితే రెండు విభక్తి మాటలు ఢీకొంటాయి. మాటల్లో అలా అనేవాళ్లు దొరకొచ్చు కానీ రాసి ఇచ్చేదాంట్లో వద్దు. గంటా నిమిషాలూ విడిగా పెట్టి, రెండిటికీ షష్ఠి ఇవ్వండి: "దొ ప్యతీ సరకా". నలభై అంటే సోరక్, షష్ఠిలో సరకా. ఇరవై, ముప్పై అయితే ద్వత్సతీ, త్రిత్సతీ అని "తీ"తో ముగుస్తాయి కానీ నలభై ఆ దారిలో పోదు.

మొత్తం లైను: "స్ దెవ్యతీ దొ చాసు ఇ స్ ద్వూఖ్ దొ ప్యతీ సరకా".

కజాన్_క్రాంతి

"దొ చాసు"నా? మా టీచర్ "దొ చాసా" అని నేర్పింది. షష్ఠి ఎండింగ్ "ఆ" కదా, "ఊ" ఎలా వచ్చింది? మాధురి అక్క టైపింగ్ తప్పేమో.

మాధురి_నెవా

టైపింగ్ తప్పు కాదు తమ్ముడూ. కొన్ని పుంలింగ పదాలకి పాత షష్ఠి రూపం "ఉ"తో ఉంటుంది, అది ఇలాంటి నానుడుల్లో మిగిలిపోయింది. దుకాణాల్లో "స్ చాసు దొ ద్వూఖ్" అని భోజన విరామం గురించి చెబుతుంటే రోజూ వింటాను. "దొ చాసా" కూడా తప్పు కాదు.

ఉక్కునగరం_శేషు

మా రోజుల్లో "స్ చాసు" తప్ప ఇంకోటి విన్న గుర్తు లేదు. కానీ పరీక్ష రాసేటప్పుడు నువ్వు టీచర్ చెప్పిందే రాయి బాబూ.

"చసోవ్" గురించి ఇందాక చెప్పినదానికి ఒక చేర్పు. "2, 3, 4 తర్వాత చసా" అన్న సూత్రం ప్రథమకీ, "వ్"తో వచ్చే ద్వితీయకీ మాత్రమే. "స్", "దొ" వచ్చాక అంకే షష్ఠిలోకి వెళ్తుంది కాబట్టి గంట కూడా మామూలు బహువచన షష్ఠిలోకి వెళ్తుంది. "వ్ ద్వా చసా" కానీ "స్ ద్వూఖ్ చసోవ్". "స్ ద్వూఖ్ చసా" అన్నారంటే అది సూత్రం బట్టీపట్టినవాళ్ల రష్యన్ అని ఇట్టే తెలిసిపోతుంది. గంట అన్న మాట వదిలేస్తే ఈ గొడవే ఉండదు, నేను మీకు చెప్పేదీ అదే. అబ్బాయిలకి ఎన్ని మాటలు తగ్గిస్తే అన్ని తప్పులు తగ్గుతాయి.

చంద్రయ్య_సార్

మనకీ రెండు గంటలకి అనీ, రెండింటికి అనీ రెండు రకాలున్నాయి కదా. ఆ రెండో దాన్లో గంట మాయమై విభక్తి అంకెకే అతుక్కుంది. ఒంటిగంట దగ్గర మాత్రం మనం అంకెనీ వదలం, గంటనీ వదలం. వాళ్లు అంకెని వదిలేశారు.

పెన్నా_స్వాతి

ఇప్పుడు నన్ను బాగా ఇబ్బంది పెట్టిన లైను: శనివారం 12:10 ఏ.ఎం. నేను "వ్ సుబ్బోతు, వ్ దేస్యాత్ మినూత్ ద్వెనాత్సతవ" అని రాసుకున్నా. శేషు గారి లెక్క చదివాక, ఇది 11:10 అవుతోందని అర్థమైంది. పన్నెండో గంటలో పది నిమిషాలు కదా.

ఉక్కునగరం_శేషు

అవును. 12:10 అంటే మొదటి గంటలో పది నిమిషాలు: "వ్ దేస్యాత్ మినూత్ పేర్వవ". పగలైతే చివర "ద్న్యా", రాత్రయితే "నోచి".

అంతకన్నా పెద్ద చిక్కు వారం దగ్గర ఉంది. ఇంగ్లీషు బోర్డు ప్రకారం శనివారం 12:10 ఏ.ఎం. అంటే శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక వచ్చే అర్ధరాత్రి. కానీ బోర్డు రాసినవాళ్లు అలాగే అనుకుని రాశారో, శనివారం రాత్రి అనుకుని రాశారో చెప్పలేం. మనలో చాలామంది శనివారం రాత్రి పన్నెండున్నర అన్నప్పుడు శనివారం పొద్దుపోయాక వచ్చేదే అనుకుంటాం. ముందు ఓనర్‌ని అడగండి. ఏ తేదీ అని అడగొద్దు, ఏ రోజు రాత్రి భోంచేసి ఎక్కుతారు అని అడగండి.

జవాబు వచ్చాక రష్యన్‌లో ఆ సందిగ్ధం లేకుండా చెప్పే మార్గం ఉంది. "వ్ నోచ్ స్ ప్యాత్నిత్సీ న సుబ్బోతు". శుక్రవారం నుంచి శనివారంలోకి వెళ్లే రాత్రి అని. "స్" తర్వాత శుక్రవారానికి షష్ఠి, "న" తర్వాత శనివారానికి ద్వితీయ. తేదీలతోనూ ఇలాగే అంటారు, అయిదు నుంచి ఆరులోకి వెళ్లే రాత్రి: "వ్ నోచ్ స్ ప్యాతవ న షెస్తోయె".

నల్లగొండ_వెంకట్

ఇది మనక్కూడా ఉంటే బాగుండేది. మా బంధువులు ముహూర్తం ఆదివారం తెల్లవారితే సోమవారం అని కార్డు మీద వేయిస్తే సగం మంది ఒకరోజు ఆలస్యంగా వచ్చారు.

పెన్నా_స్వాతి

ఓనర్‌కి ఫోన్ చేశా. శుక్రవారం రాత్రి భోంచేశాకే బండి అన్నారు. కాబట్టి స్ ప్యాత్నిత్సీ న సుబ్బోతు ఖాయం. అడక్కపోయుంటే ఏమయ్యేదో!

తేదీల లైను ఇలా రాశాను: "స్ ద్వత్సాతవ పేర్వవ దెకబ్ర్యా పొ వ్తరోము యన్వర్యా". "పొ" తర్వాత చతుర్థి అని పుస్తకంలో చూశాను, "పొ స్రెదామ్" అంటే బుధవారాల్లో అని ఉంది.

ఉక్కునగరం_శేషు

"పొ" ఒక్కటే, దాని పనులు రెండు. బుధవారాల్లో, శుక్రవారాల్లో అని మళ్లీ మళ్లీ జరిగేది చెప్పేటప్పుడు చతుర్థీ బహువచనం: పొ స్రెదామ్, పొ ప్యాత్నిత్సమ్. ఫలానా తేదీ వరకు, ఆ తేదీతో కలిపి అన్నప్పుడు ద్వితీయ: "పొ వ్తరోయె యన్వర్యా". మీరు రాసిన "వ్తరోము" ఇక్కడ కుదరదు.

ఇంకొకటి, ఇరవై ఒకటోలో రెండు ముక్కలున్నా మారేది చివరిదే. "స్ ద్వాత్సత్ పేర్వవ". ఏడాదికీ అదే సూత్రం: "ద్వె తీసిచి ద్వాత్సత్ షెస్తోవ గోదా", షెస్తోయ్ ఒక్కటే మారింది. మొత్తం: "స్ ద్వాత్సత్ పేర్వవ దెకబ్ర్యా పొ వ్తరోయె యన్వర్యా ద్వె తీసిచి ద్వాత్సత్ షెస్తోవ గోదా".

నెల పేర్లు ఎప్పుడూ షష్ఠిలోనే ఉంటాయి, ముందు తేదీ ఏ విభక్తిలో ఉన్నా సరే. డిసెంబర్, జనవరికి ఊనిక చివర పడుతుంది కాబట్టి తెలుగులో చివర దీర్ఘం తప్పనిసరిగా పెట్టండి.

కజాన్_క్రాంతి

"దొ వ్తరోవ యన్వర్యా" అంటే సరిపోదా? అబ్బాయిలు ఆఫీసు వేళలకి "దొ" నేర్చుకున్నారు, ఇక్కడా అదే వాడితే సులువు కదా.

ఉక్కునగరం_శేషు

సులువే. కానీ జనవరి 2న వ్యాను ఉందా లేదా అన్న సందేహం వస్తుంది. గడియారంతో "దొ" అంటే ఆ క్షణం వరకు అని తేలిపోతుంది. రోజుతో అంటే ఆ రోజు మొదలయ్యే వరకా, ముగిసే వరకా? నేను ఒకటో తేదీతో ఆగిపోతుందనే అనుకుంటాను.

మాధురి_నెవా

నేను అనుకోను. మా ఆఫీసులో "దొ ప్యాతవ" అంటే అయిదో తేదీ సాయంత్రం దాకా పని పంపొచ్చనే అందరూ అనుకుంటారు. గొడవ వచ్చిన చోట "వ్క్ల్యుచీతెల్న" అని చేరుస్తారు, ఆ రోజుతో కలిపి అని.

ఉక్కునగరం_శేషు

ఆ మాట చేర్చాల్సి వస్తోందంటేనే "దొ" ఒక్కటీ చాలడం లేదని కదమ్మా.

మాధురి_నెవా

చాలదని నేననలేదు, మీరు ఒకటో తేదీ అన్నారు, అది ఒప్పుకోను 🙂 స్వాతి గారు "పొ" వాడుతున్నారు కాబట్టి ఆమెకి ఈ బాధ లేదు.

నల్లగొండ_వెంకట్

మరి వీసా మీద వరకు అని ఉంటే ఆఖరి రోజు కూడా ఉండొచ్చా?

మాధురి_నెవా

వెంకట్ గారూ, అలాంటివి ఫోరంలో అడిగి నమ్ముకోకండి. వీసా ఇచ్చినవాళ్లనే అడగండి.

పెన్నా_స్వాతి

ఇంక మిగిలింది ముందు రోజు అయిదింటి లోపు చెప్పాలి అన్న లైను. ఇంగ్లీషులో "బై ఫైవ్" అని ఉంది. "క్ ప్యతీ"నా, "దొ ప్యతీ"నా?

ఉక్కునగరం_శేషు

దీనికి తెలుగులో ఆలోచిస్తే చాలు. అయిదింటికల్లా వచ్చేయండి, అప్పటికి భోజనం సిద్ధంగా ఉంటుంది అన్నప్పుడు "క్ ప్యతీ". అక్కడ చతుర్థి. అయిదింటిలోపు చెప్పకపోతే సీటు లేదు అన్నప్పుడు "దొ ప్యతీ", అక్కడ షష్ఠి. అయిదుకి రెండు విభక్తుల్లోనూ ఒకటే రూపం కాబట్టి ముందున్న మాటే అర్థం చెబుతుంది. రెండింటికైతే తేడా బయటపడుతుంది: క్ ద్వూమ్, దొ ద్వూఖ్.

మీది గడువు కాబట్టి "నకనూనె దొ ప్యతీ వేచెరా". నకనూనె అంటే ముందు రోజు.

కజాన్_క్రాంతి

సోమవారం తప్ప అన్నదానికి "క్రోమె పనెదేల్నిక" పెడుతున్నారా? మా దగ్గర బస్ డ్రైవర్లు "పొ పనెదేల్నికమ్ నె ఖోదిత్" అంటారు, సోమవారాల్లో తిరగదు అని.

ఉక్కునగరం_శేషు

ఇది బాగుంది బాబూ. బోర్డు మీద "క్రోమె పనెదేల్నిక" ఉండనివ్వండి, నోటితో చెప్పేటప్పుడు క్రాంతి చెప్పిందే మేలు. ఫోన్‌లో "క్రోమె" సరిగా వినబడకపోతే గెస్టుకి సోమవారం ఒక్కటే మిగులుతుంది. "నె ఖోదిత్" అయితే లేదన్న మాట గట్టిగా వినిపిస్తుంది.

పెన్నా_స్వాతి

అబ్బాయిల కోసం కాగితం మీద ఎక్కించింది ఇది. చూసి చెప్పండి:

విమానాశ్రయం వ్యాను: యెజిద్నేవ్న వ్ వోసెమ్ ప్యత్నాత్సత్ ఉత్రా. పొ పనెదేల్నికమ్ నె ఖోదిత్.
తిరుగు వ్యాను: బెజ్ చేత్వెర్తి షెస్త్ వేచెరా.
ఆఫీసు: స్ దెవ్యతీ దొ చాసు ఇ స్ ద్వూఖ్ దొ ప్యతీ సరకా.
రైలు: వ్ ద్వాత్సత్ అదీన్ చాస్ ద్వాత్సత్ అద్నూ మినూతు.
రాత్రి వ్యాను: వ్ నోచ్ స్ ప్యాత్నిత్సీ న సుబ్బోతు, వ్ దేస్యాత్ మినూత్ పేర్వవ.
తేదీలు: స్ ద్వాత్సత్ పేర్వవ దెకబ్ర్యా పొ వ్తరోయె యన్వర్యా.
సీటు: నకనూనె దొ ప్యతీ వేచెరా.

తేదీల లైనులో ఏడాది తీసేశాను, మరీ పొడుగైపోతోంది.

మాధురి_నెవా

ఏడాది తీసేయడం మంచిదే, మాటల్లో ఎవరూ చెప్పరు. ఒక్క సవరణ. 8:15కి అంకెల పద్ధతి, 5:45కి "బెజ్" పద్ధతి పెట్టారు. తప్పేమీ కాదు, రష్యన్లూ కలిపేస్తారు. కానీ తిరుగు వ్యాను ఎప్పుడైనా 5:30కి మారితే ఆ అబ్బాయి "బెజ్" లైనుని తనంతట తాను మార్చుకోలేడు. "వ్ ప్యాత్ సోరక్ ప్యాత్" అని ఉంటే చివరి ముక్క మార్చి "వ్ ప్యాత్ త్రీత్సత్" అనేయగలడు.

ఉక్కునగరం_శేషు

చెప్పడానికి సరే. గెస్టు "బెజ్ చేత్వెర్తి షెస్త్?" అని తిరిగి అడిగితే అబ్బాయికి అర్థం కావాలిగా. అందుకని రెండూ రాయండి. ఒకటి నోటికి, ఇంకోటి చెవికి.

పెన్నా_స్వాతి

సరే, తిరుగు వ్యాను దగ్గర రెండూ పెడుతున్నా. ఆ పక్కనే పోల్‌షెస్తోవ, చేత్వెర్త్ దెవ్యాతవ కూడా "వినిపిస్తే ఇది" అని చిన్న పట్టీగా ఇస్తా. రేపు ఫోన్లో వాళ్లచేత చదివించి చూసి, ఎక్కడ తడబడ్డారో ఇక్కడ రాస్తాను.